రెండు తామరలు

మా అత్తగారింట్లో మడిబట్ట ఒక్కటే ఉండేది. ఒక నూలు చీర, దాని కింద ఒక లంగా. శుక్రవారం నైవేద్యం వండే కోడలు తలస్నానం చేసి, ఆ రెండూ కట్టుకుని, దేవునింట్లోకి వెళ్ళాలి. వంట అయ్యాక వాటిని తనే చన్నీళ్ళలో జాడించి, దేవునింట్లో పైన కట్టిన దండెం మీద కర్రతో ఆరేయాలి. బయట ఎండలో వేస్తే ఎవరి చెయ్యో తగులుతుంది, మైల పడుతుంది. అందుకని ఆ బట్టకు ఎండ ముఖం తెలియదు. వానాకాలంలో అది ఎప్పుడూ పూర్తిగా ఆరేది కాదు. చెమ్మగానే కట్టుకునేవాళ్ళం. ఒంటికి చల్లగా తగిలేది. ఆ చల్లదనం భక్తిలో భాగమే అనుకునేదాన్ని.

కట్టుకునేది ఇద్దరం, అక్కా నేనూ. అక్క అంటే మా బావగారి భార్య, నాకు తోటికోడలు. నాచారంలో ఫ్యాక్టరీల వెనక గల్లీలో ఇల్లు. కింద అత్తమ్మ, బావ, అక్క. పైన రెండు గదుల్లో మా ఆయనా నేనూ. తెలంగాణ రాష్ట్రం రావడానికి ఇంకా మూడు నాలుగేళ్ళుంది. బంద్‌లు, ధర్నాలు జరుగుతున్న రోజులు. మా ఆయన బిస్కెట్లు చేసే ఫ్యాక్టరీలో ఓవెన్ల దగ్గర పని చేసేవారు. ఎండాకాలం, వానాకాలం అని లేదు, ఆ పనిలో ఏడాది పొడవునా చెమటే. ఆ చెమటలో మందపాటి పాలిస్టర్ యూనిఫాం ప్యాంటు.

నేను బడికి వెళ్ళలేదు. మా నాన్న ఇంట్లోనే పలక మీద అక్షరాలు దిద్దించారు. చదవడం వచ్చాక ముందుగా స్తోత్రాలే చదివాను. అందువల్లేమో, ఏ మంచి జరిగినా ముందు దణ్ణం పెట్టుకోవడం నాకు అలవాటైంది. పెళ్ళయి వచ్చిన కొత్తలో నాకు ఈ ఊరి బస్సులు తెలియవు, గ్యాస్ బండ బుక్ చేయడం తెలియదు. అన్నీ అక్కే నేర్పింది. పొద్దున దీపం పెట్టినప్పుడు అమ్మానాన్నల తర్వాత మూడో పేరుగా ఆమె పేరే తలుచుకునేదాన్ని.

ఆ ఏడు ఆషాఢం చివర అక్క తన కోసం వేరే మడిబట్ట కొనుక్కుంది. ఉప్పల్ నుంచి తెచ్చి, దానికి పసుపు పెట్టి, తన గదిలో వేరే దండెం కట్టుకుంది. అత్తమ్మ అడిగింది, "ఉన్నదాన్కి ఏమైందే? మంచిగనే ఉన్నది గదా."

"ఇద్దరికి ఒక్కటి చాలుతలేదు అత్తమ్మ," అంది అక్క. తర్వాత నావైపు తిరిగి, "పాతది నీకే ఉండనీ చెల్లె. శ్రావణమాసం మొత్తం నువ్వే వండు. పిల్లల కోసం మొక్కుకుంటున్నవ్ గదా, పుణ్యం నీకే దక్కాలె," అంది.

పెద్దకోడలి హక్కు ఆ నైవేద్యం. దాన్ని ఆమె నాకు వదిలేసింది. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ మడిబట్టను కళ్ళకద్దుకున్నాను. ఇది రాస్తున్నప్పుడు చెయ్యి ఆగేది ఇక్కడే.

శ్రావణం రెండో శుక్రవారం దాటాక తొడ మొదట్లో, గజ్జల్లో, దురద మొదలైంది. మొదట రూపాయి బిళ్ళంత ఎర్రటి మచ్చ. నాలుగు రోజులకు అది గాజంత అయింది. అంచు కొంచెం ఉబ్బి, సన్నటి పొట్టు లేస్తోంది. మధ్యలో మాత్రం చర్మం మామూలుగా ఉంది. చెమట పడితే చాలు, భరించలేనంత దురద. బస్సులో నిలబడి, గుడిలో నిలబడి, పళ్ళు బిగబట్టేదాన్ని. తర్వాత కుడి చంకలోనూ అలాంటిదే చిన్నది లేచింది.

ఇలాంటి చోట వచ్చినదాన్ని ఎవరికి చెప్పుకుంటాం? అక్కకే చెప్పాను. దేవునింట్లో పూలు విడదీస్తున్నాం ఇద్దరం.

ఆమె చేతిలో పువ్వు అలాగే ఉండిపోయింది. "గుండ్రంగ ఉన్నదా?" అంది.

"గుండ్రంగనే."

"తామర గావచ్చు," అంది. తర్వాత నవ్వింది. "తామరపూలేమో లక్ష్మమ్మకు, తామర రోగమేమో మనకు. ఏం పంచిపెట్టిండు దేవుడు!"

నేనూ నవ్వాను. ఆమె లేచి లోపలికి వెళ్ళి ఒక ట్యూబు తెచ్చి ఇచ్చింది. ఆ ట్యూబు మా ఇంట్లో అందరికీ తెలిసిందే. అత్తమ్మకు రెండు కాళ్ళ మడమల పైనా చాలా ఏళ్ళుగా తామర ఉంది. ఎండి, మందంగా, పగుళ్ళు వేసి, గోకితే రసి కారేది. చలికాలం ఎక్కువయ్యేది. ఏదో దవాఖానాలో ఆమెకు రాసిచ్చిన ట్యూబది. అత్తమ్మకు బాగా పనిచేసేది. 'తామర ట్యూబు' అనేవాళ్ళం. అత్తమ్మది తామర, నాదీ తామర. మందు ఒకటే అవుతుందనుకోవడంలో తప్పేముంది?

రాసిన మొదటిరోజే దురద ఆగింది. మూడు రోజులకు ఎరుపు తగ్గింది. నేను నిజంగా దేవుడి ముందు మోకరిల్లి దణ్ణం పెట్టాను. వారానికి మానేశాను. మానేసిన నాలుగో రోజు అది తిరిగొచ్చింది. ఈసారి గాజంత కాదు, అరచెయ్యంత. మళ్ళీ రాశాను, తగ్గింది. మానాను, ఇంకా పెద్దదై వచ్చింది. మెడికల్ షాపులో ఖాళీ ట్యూబు చూపిస్తే షాపతను అడగకుండానే కొత్తది ఇచ్చేవాడు. మూడో ట్యూబు వచ్చేసరికి అక్కడి చర్మం పలచబడి మెరవడం మొదలైంది. కాన్పయిన ఆడవాళ్ళ పొట్ట మీద ఉండే చారల్లాంటివి తొడ మీద లేచాయి. నాకింకా కాన్పే కాలేదు.

వినాయకచవితి తర్వాత మా ఆయనకూ వచ్చింది. ఆయన నాకు చెప్పలేదు. ప్యాంటు వేసుకునేటప్పుడు నేనే చూశాను. రెండు గజ్జల్లోనూ ఎర్రటి అంచు గల వలయాలు. ఒకటి తొడ వెనక్కి కూడా పాకింది.

"ఏంది ఇది?" అన్నాను.

"చెమటకు," అన్నారు. అంతే. టవల్ చుట్టుకుని వెళ్ళిపోయారు.

అప్పుడు నాకు భయం కలగలేదు. నాకొచ్చిందే ఆయనకూ అంటిందేమో అనుకున్నాను. నా మనసులో విషం పోసింది ఒక మధ్యాహ్నం మాట.

అత్తమ్మ గుమ్మంలో కూర్చుని కాళ్ళకు కొబ్బరినూనె రాసుకుంటోంది. అక్క చాటలో గోంగూర తుంచుతోంది. నేను బియ్యం చెరుగుతున్నాను. ఎవరికీ చెప్పకూడదనుకున్నది నోరు జారి, "నా తామర ఆయనకు సుత అంటినట్టున్నది అత్తమ్మ," అన్నాను.

అత్తమ్మ చెయ్యి ఆపింది. "తామర అంటదు బిడ్డ," అంది. "నలభై ఏండ్ల సంది నాకున్నది. మీ మామకంటిందా? నా కడుపుల పుట్టినోళ్ళకంటిందా? గీ కాళ్ళ మీద ఆడుకుని పెరిగిన్రు ఇద్దరు. ఒక్కనికన్న అంటిందా?"

"మరి ఇద్దరికి ఎట్ల వచ్చింది?"

ఆమె గొంతు తగ్గించింది. "గా తావుల మొగోనికొస్తే అది తామర గాదు. బయటికెల్లి తెచ్చుకునే రోగం. వానికే ముందు వచ్చి ఉంటది, నీకంటిచ్చిండు. నా కొడుకే అని నేను కడుపుల పెట్టుకోను. నీ మంచికి చెప్తున్న. నువ్వు జర పైలం."

నేను అక్కవైపు చూశాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ చూపు ఎందుకు చూశానో నాకు తెలుసు. ఏదో ఒకటి అని నవ్వేయమని. 'ఊకో అత్తమ్మ, నా మరిది గసొంటోడు గాదు' అనమని. ఆమె తల ఎత్తలేదు. గోంగూర ఆకు తుంచి, కాడ పక్కన పడేసి, ఇంకో ఆకు తుంచింది. కాడలు కుప్పయ్యాయి.

అక్క కూడా కాదనలేదంటే అత్తమ్మ చెప్పింది నిజమే అయ్యుండాలి అనుకున్నాను. అత్తమ్మ మాటకంటే ఆమె మౌనాన్నే నేను ఎక్కువ నమ్మాను.

ఆ రోజు నుంచి మా ఆయనను చూసే నా కళ్ళు మారిపోయాయి. దసరా ముందు ఫ్యాక్టరీలో ఓవర్‌టైమ్. సాయంత్రం రావలసిన మనిషి రెండు గంటలు ఆలస్యంగా వచ్చేవారు. వచ్చేటప్పుడు తల తడిగా ఉండేది, ఒంటికి సబ్బు వాసన. ఇంటికొచ్చి స్నానం చేసే మనిషి ఎక్కడో చేసి వస్తున్నారంటే నేనేమనుకోవాలి? అడగలేదు. చొక్కా జేబులు వెతికాను. బస్ పాస్ చూశాను. ఒకసారి ఆయన స్నేహితుడు ఇంటికొస్తే టీ ఇస్తూ, "ఉప్పల్ పోయిన్రా మొన్న?" అని ఊరికే అడిగినట్టు అడిగాను. ఆ స్నేహితుడు "లేదే వదినా, ఇద్దరం డ్యూటీలనే ఉన్నం" అన్నాడు. ఇద్దరూ కలిసి దాస్తున్నారనుకున్నాను.

పక్క వేరే వేసుకున్నాను. వ్రతం అని చెప్పాను. దేవుడి పేరు పెట్టి అబద్ధం ఆడటం నా జీవితంలో అదే మొదలు. ఆయన ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోవడం కూడా నాకు సాక్ష్యంగానే కనిపించింది.

దసరా వెళ్ళాక ఒకరోజు నిర్ణయించుకున్నాను. డాక్టర్ దగ్గరికి వెళ్ళి ఒక్క మాట అడగాలి. ఇది బయటి రోగమా, కాదా? అవునంటే అట్నుంచి అటే మా నాన్న దగ్గరికి వెళ్ళిపోతాను. చేతిసంచిలో రెండు చీరలు కూడా సర్దుకున్నాను. ఉప్పల్‌లో చర్మానికి ఒక లేడీ డాక్టర్ ఉందని గుడిలో ఎవరో అనుకుంటుంటే విన్నాను. నాచారం నుంచి షేర్ ఆటోలో, నలుగురి మధ్య ఇరుక్కుని, దురద పంటిబిగువున ఆపుకుంటూ వెళ్ళాను.

డాక్టరమ్మది కోస్తా మాట. "ఎన్నాళ్ళ నుంచమ్మా?" అంది. తెర వేసి చూసింది. ముందు గజ్జల్లోది, తర్వాత చంకలోది చూసింది. అక్కడ నేను ట్యూబు అంతగా రాయలేదు.

"ఏం రాస్తున్నారు?"

సంచిలోంచి ట్యూబు తీసి ఇచ్చాను. అక్షరాలు చదివి నిట్టూర్చింది. "ఇదెవరిచ్చారు?"

"మా అత్తమ్మకు తామర ఉంది, ఆమెదే," అన్నాను.

"మీ అత్తగారిది ఎట్లా ఉంటుంది చెప్పండి."

చెప్పాను. రెండు కాళ్ళకూ ఒకేలా, ఎండి, మందంగా, గుండ్రంగా ఏమీ ఉండదు, ఏళ్ళ తరబడి అక్కడే ఉంది, చలికాలం ఎక్కువ, ఇంట్లో ఎవరికీ రాలేదు.

"అది ఎగ్జిమా అయ్యుంటుందమ్మా. అది అంటుకోదు. ఆమె ఒంటి తత్వం అది. దానికి ఈ ట్యూబు పనిచేస్తుంది. మీది అది కాదు. మీది ఫంగస్. బూజు లాంటిదనుకోండి. చంకలోది చూడండి, అంచు ఉబ్బి, పొట్టు లేచి, మధ్యలో మానుతూ, వలయం బయటికి పెరుగుతోంది. చెమ్మ ఉన్నచోట, వేడి ఉన్నచోట పెరుగుతుంది. మీ వాళ్ళు రెంటినీ తామరే అంటారు. పేరొక్కటే, రోగాలు రెండు. ఈ ఎగ్జిమా మందులో స్టెరాయిడ్ ఉంటుంది, అది ఫంగస్ మీద రాస్తే ముందు దురద పోతుంది. అది పోయిందని మనం మురుస్తాం. లోపల అది మేత దొరికినట్టు పెరుగుతుంది. గజ్జల్లో మీ ట్యూబు దాని అంచును కూడా చెరిపేసింది. అక్కడొక్కటే చూసుంటే నేనూ తికమక పడేదాన్నేమో."

అంతటితో ఊరుకోలేదు. చిన్న బ్లేడుతో చంకలోని మచ్చ అంచున పొట్టు గీకింది. "మధ్యలోది కాదు, అంచునుంచే తీయాలి, అక్కడే బతికుంటుంది," అంది. అద్దం ముక్క మీద వేసి, ఏదో ద్రవం చుక్క వేసి, కాసేపు ఆగి, సూక్ష్మదర్శిని కింద పెట్టింది. తను చూసి, "రండి, మీరూ చూడండి," అంది. కన్ను పెట్టి చూశాను. పొట్టు పెంకుల మధ్య నుంచి సన్నటి దారాలు, మధ్యమధ్య కణుపులతో, కొమ్మలు వేస్తూ. నా ఒంట్లోంచి తీసినవి.

నేను అడగవలసింది అప్పుడడిగాను. "మా ఆయనకు సుత ఉన్నది. ఇది... బయట తిరిగితే వచ్చేదా అమ్మా?"

ఆమె నా సంచివైపు చూసింది. చీర కొంగు ఒకటి బయటికి కనిపిస్తోంది. అర్థమయ్యే ఉంటుంది. కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

"ఆయనేం పని చేస్తారు?"

చెప్పాను. ఓవెన్లు, చెమట, పాలిస్టర్ ప్యాంటు.

"దీనికి మనిషి బయట తిరగక్కర్లేదమ్మా. తడి టవల్ చాలు, ఒకరి బట్ట ఇంకొకరు కట్టడం చాలు. మీ నుంచే ఆయనకొచ్చి ఉంటుంది. ఎవరికి ముందు వచ్చింది?"

"నాకే."

"అయితే మీకెలా వచ్చిందో ఆలోచించండి. వేరేవాళ్ళ బట్టలు కడతారా?"

కట్టను అనబోయాను. మడిబట్ట గుర్తొచ్చింది. అది వేరేవాళ్ళ బట్ట అని నాకెప్పుడూ తోచలేదు, అది దేవుడి బట్ట. చెప్పాను. నీడలో ఆరేస్తామని, చెమ్మగానే కడతామని, ఇద్దరం కట్టేవాళ్ళమని.

"ఆ రెండో ఆమెకు దురద ఉందా?"

"లేదు," అన్నాను. ఆ మాట నేను ప్రమాణం చేసినంత గట్టిగా అన్నాను.

రాసే మందు, వారానికొక మాత్ర ఇచ్చింది. ఎంత మేర, ఎన్నాళ్ళు రాయాలో చెప్పింది. పాత ట్యూబు ఆపమంది. ఆపితే కొన్నాళ్ళు దురద పెరుగుతుంది, భయపడి మళ్ళీ రాయొద్దంది. బట్టలు వేడినీళ్ళలో ఉతికి, తిరగేసి ఎండలో ఆరేసి, ఇస్త్రీ చేయమంది. ఒంటిని పొడిగా తుడుచుకోమంది. ఆయనను కూడా తీసుకురమ్మంది. ఇద్దరూ ఒకేసారి మందు వాడకపోతే ఒకరి నుంచి ఒకరికి తిరుగుతూనే ఉంటుందంది. చారలు మాత్రం పోవంది.

షేర్ ఆటోలో తిరిగొస్తూ ఏడ్చాను. సంతోషంతోనే. మా ఆయన మంచివారు. ఆయనమీద పడ్డ మచ్చ కూడా ఈ రోగంలాగే మందుకు పోయేదే అనుకున్నాను. ఇంటికి రాగానే ముందు అక్క దగ్గరికే వెళ్ళాను. ఆమె కూడా ఆ బట్ట కట్టిందే కదా, జాగ్రత్త చెప్పాలి. వాకిట్లో పైపు దగ్గర బిందె తోముతోంది.

"అక్కా, నాది తామర గాదట. అంటే తామరనే, కానీ అత్తమ్మది గాదు. బూజట," అన్నాను. గబగబా చెప్పాను. "రాసుకోను మందిచ్చింది. మంచిగైతదట."

"ఇగ మంచిది చెల్లె," అంది. బిందె తిప్పి తోముతూ, "చూడు, తగ్గినట్టు కనబడంగనే ఆపకు. మచ్చ పోయినంక సుత పదిహేను రోజులు రాయాలె. ఒట్టి మచ్చ మీద గాదు, అంచు దాటి రెండు వేళ్ళ మందం బయటికి రాయాలె," అంది.

డాక్టరమ్మ చెప్పింది అక్షరాలా అదే. నేను మాత్రం ఆ రెండు మాటలూ అక్కతో ఇంకా చెప్పలేదు.

పైపు నీళ్ళు బిందెలోంచి పొర్లుతున్నాయి. ఆమె చేతులు ఆగాయి. తను ఏమన్నదో అప్పుడామెకు తెలిసింది.

"నీకెట్ల తెలుసు అక్కా?"

"ఎవరో అంటుంటే విన్న."

"ఎవరు?"

ఆమె పైపు కట్టేసింది. తల వంచుకునే చెప్పింది. "జ్యేష్ఠంల నాకొచ్చింది. మా అక్కోళ్ళింటికి పోయినప్పుడు మౌలాలిల చూపిచ్చుకున్న. గీ ఫంగసే అన్నరు. ఎవరి బట్టలు ఎవరు కట్టొద్దన్నరు."

జ్యేష్ఠం. ఆషాఢంలో వేరే మడిబట్ట. పాతది నీకే ఉండనీ చెల్లె. పుణ్యం నీకే దక్కాలె.

"తెలిసే ఇచ్చినవా నాకు?"

"ఉతికే ఇచ్చిన గదనే. ఉతికితే పోతదనుకున్న."

"నాకొచ్చినంక ఆ ట్యూబెందుకిచ్చినవ్? నీకు ఆ మందు ఇయ్యలే గదా."

"నా మందు ఇస్తే నాకు వచ్చినట్టు తెలుస్తది గదా." కళ్ళు తుడుచుకుంది. "అత్తమ్మకు తెలిస్తే నన్ను దేవునింట్లకు రానిస్తదా? గా తావుల రోగమున్నదాని చేతి నైవేద్యమంటదా? పదహారేండ్లు వండిన చెల్లె. ఈ ఇంట్ల నాకున్నది గదొక్కటే."

ఆ మాట నిజమే. అది నిజమే కావడం నన్ను ఇంకా బాధపెట్టింది. కోపం తెచ్చుకోవడానికి చెడ్డ మనిషి కావాలి, ఎదురుగా ఉన్నది నాకు బస్సులు నేర్పిన మనిషి.

"బట్ట సంగతి పోనీ అక్కా," అన్నాను. "ట్యూబు సంగతి పోనీ. అత్తమ్మ ఆయన్ను అన్నప్పుడు నువ్వు పక్కనే ఉన్నవ్. గోంగూర తుంచుకుంట కూసున్నవ్. అది అంటుకునేదే అని నీకు తెలుసు. ఎక్కడికెల్లి వచ్చిందో తెలుసు. ఒక్క మాట ఎందుకనలే?"

ఆమె బిందె ఎత్తి పక్కన పెట్టి అంది. "అందామనుకున్న. నోట్లకెల్లి రాలే. తర్వాత రోజు అందామనుకున్న. అప్పటికే నువ్వు నమ్మినవ్."

నువ్వు నమ్మావు. ఆమె తప్పించుకోవడానికే అన్నదో ఏమో కానీ, ఆ మాట నాకు తగలవలసిన చోటే తగిలింది.

ఆ సాయంత్రం అత్తమ్మకు చెప్పాను, అక్క ఎదురుగానే. ఇది బయటి రోగం కాదని, మడిబట్ట నుంచి వచ్చిందని, మీ కొడుకు తప్పు లేదని. ఎవరి నుంచి వచ్చిందో చెప్పలేదు. ఆ మాట అక్క చెప్తుందని ఎదురుచూశాను.

అత్తమ్మ నన్ను వింతగా చూసింది. "మడిబట్టలకెల్లి రోగమొస్తదా? మడి అంటేనే ఏదీ అంటనిది బిడ్డ. మొగుణ్ణి కాపాడుకునేటందుకు దేవుని మీద పెడ్తున్నవా?"

అక్క దీపం వత్తి సరిచేస్తోంది. ఈసారి కూడా ఏమీ అనలేదు. రెండోసారి నాకు ఆశ్చర్యం కలగలేదు. అత్తమ్మ చివరిదాకా తన కొడుకు ఒకసారి తప్పటడుగు వేశాడనే నమ్మింది. క్షమించాననే అనుకుంది. నేను మాత్రం మర్నాడు ఆ పాత చీర, లంగా తీసుకెళ్ళి మరిగే నీళ్ళలో వేసి, డాబా మీద అందరి చేతులూ తగిలేచోట ఎండలో ఆరేశాను. మళ్ళీ కట్టలేదు. పొద్దున దీపం దగ్గర మూడో పేరు పలకబోతే రాలేదు. బలవంతం చేసుకోలేదు.

మా ఆయనకు చెప్పడం అన్నింటికంటే కష్టమైంది. ఆదివారం మధ్యాహ్నం అన్నం తిన్నాక చెప్పాను. మొత్తం చెప్పాను. జేబులు వెతికానని, స్నేహితుణ్ణి అడిగానని, సంచి సర్దుకున్నానని. ఆయన అంతా విన్నాకే మాట్లాడారు.

"ఫ్యాక్టరీల స్నానం చేసి వచ్చేది దురదకు. చెమట మీదనే బస్సెక్కితే మంట. గది అడిగితే చెప్పెటోణ్ణి."

"భయమైంది."

"నాకు గట్లనే అయింది. నువ్వు పక్క మార్చినవ్, నన్ను చూస్తే నీకు అసయ్యమైతుందేమో అనుకున్న." లేచి చొక్కా తొడుక్కున్నారు. "నన్ను నమ్మేటందుకు నీకు డాక్టర్ గావాల్సి వచ్చింది."

అక్క నాకు చేసింది నేను ఆయనకు చేశాను. ఆమె నోరు మూసుకుని చేసింది, నేనూ నోరు మూసుకునే చేశాను. ఆమెను ఎన్నిసార్లు తూకంలో పెట్టినా పక్కన నేనూ ఎక్కవలసి వచ్చేది.

ఆయన డాక్టర్ దగ్గరికి వచ్చారు. ఇద్దరికీ ఒకే మందు. ఫ్యాక్టరీలో అడిగి నూలు ప్యాంటు వేసుకునేందుకు ఒప్పించుకున్నారు. ఎవరి టవల్ వారిదే, ఎవరి బట్టల బకెట్ వారిదే. ట్యూబు ఆపిన వారం నాకు దురద రెట్టింపైంది, గోళ్ళు కత్తిరించుకుని ఓర్చుకున్నాను. తర్వాత నెమ్మదిగా అంచు చప్పబడింది. ఆయన మందు రాసుకునేటప్పుడు గది తలుపు గడియ పెట్టుకునేవారు. పెళ్ళయ్యాక ఆయన ఎప్పుడూ పెట్టని గడియ. డాక్టరమ్మ చెప్పిన నియమాల్లో అది లేదు. నేను బయట నిలబడి ఆ చప్పుడు వినేదాన్ని. తలుపు కొట్టలేదు. నాకా హక్కు లేదనిపించేది.

కార్తీకంలో ఒక ఉదయం గడియ పడలేదు. కొంచెంసేపటికి లోపలి నుంచి పిలిచారు.

"ఇగో, జర ఇటు రా."

వెళ్ళాను. ఆయన గోడవైపు తిరిగి నిలబడి, లుంగీ తొడ వెనక వరకు ఎత్తి పట్టుకున్నారు.

"ముందటిది పోయింది. ఎనక నాకు కనబడ్తలేదు. అంచున్నదా, పోయిందా చూడు."

కిటికీ దగ్గర వెలుతురుకు జరగమన్నాను. వంగి చూశాను. మచ్చ చాలావరకు మామూలు రంగులోకి వచ్చింది. ఒకవైపు మాత్రం వెంట్రుకంత సన్నటి ఎర్రగీత, దాని మీద కొంచెం పొట్టు. పోయిందంటే ఆయన సంతోషపడేవారు. నాకూ ఆ మాట అనాలనే ఉంది.

"ఇంకా ఉన్నది," అన్నాను. "ఎడమ దిక్కు కొద్దిగా. ఆపకుండ్రి."

ఆయన మందు నా చేతికి ఇచ్చి, మళ్ళీ గోడవైపు తిరిగారు.